‘హై’కి తెలుగులో మాట ఏది? మన పిల్లల తెలుగులో తరచూ దొర్లే ఒక తప్పు వెనుక సంగతి

హిందూపురంలో ఉర్దూ మీడియం బడిలో నాలుగో తరగతి చదివే ఒక పాప ఉందనుకుందాం. పేరు ఆయెషా అనుకోండి. తెలుగు టీచర్ “మీ కుటుంబం గురించి రాయండి” అన్నారు. పాప శ్రద్ధగా ఇలా రాసింది:

“నా పేరు ఆయెషా ఉంది. మా ఊరు హిందూపురం ఉంది. మా అబ్బా ఆటో డ్రైవర్ ఉన్నారు. నేను ఇంట్లో పెద్ద ఉన్నాను. మా ఇల్లు చిన్న ఉంది. మా ఇల్లు మసీదు దగ్గర ఉంది. ఆ ఇల్లు మాది లేదు, అద్దె ఇల్లు ఉంది.”

అక్షరదోషం ఒక్కటీ లేదు. అయినా నోట్సు నిండా ఎర్ర గీతలే. పక్క బెంచీ పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి పాప అడిగింది: “ఇందులో తప్పేముంది అమ్మీ? ‘మేరా నామ్ ఆయెషా హై’ అనే కదా రాశాను?”

తప్పు అక్కడే ఉంది. ఆ తప్పు పాప తెలివికి సంబంధించింది కాదు. ఉర్దూకి, తెలుగుకి వాక్యం కట్టే పద్ధతిలోనే తేడా ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం వినిపించే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి చోట్ల ఈ తేడా మన పిల్లలకు ప్రతిరోజూ ఎదురవుతుంది. అదేమిటో తల్లిదండ్రులకు ఒకసారి అర్థమైతే, పిల్లలకు సరిదిద్దడం పది నిమిషాల పని.

క్రియ లేని వాక్యం

“ఆయన మా మామయ్య.” ఇందులో క్రియ ఏది? వెతికినా దొరకదు. “ఆయన” ఒక నామం, “మా మామయ్య” ఇంకో నామం. రెండూ పక్కపక్కన పెట్టాం, వాక్యం పూర్తయింది. “ఇది ధర్మవరం పట్టుచీర.” “మీది ఏ ఊరు?” “రేపు శుక్రవారం.” వీటిలోనూ క్రియ లేదు. చేకూరి రామారావు గారు 1975లో వచ్చిన ‘తెలుగు వాక్యం’లో ఇలాంటివాటిని క్రియారహిత వాక్యాలు అన్నారు.

ఇవే ఉర్దూలో చెప్పి చూడండి. “వో హమారే మామూ హైఁ.” “కల్ జుమా హై.” చివర ‘హై’ లేకపోతే మాట మధ్యలో తెగిపోయినట్టు వినిపిస్తుంది. ఉర్దూ అలవాటైన చెవికి ప్రతి వాక్యం చివర ఏదో ఒకటి ఉండాలి. అందుకే పాప తెలుగులో ‘హై’కి సమానమైన మాట కోసం వెతుకుతుంది. ‘ఘర్ మే హై’ అంటే ‘ఇంట్లో ఉంది’ కదా. కాబట్టి ‘హై’ అంటే ‘ఉంది’ అని లెక్క వేసుకుంటుంది. లెక్క తెలివైనదే, కానీ సగమే నిజం.

ఎందుకంటే ఉర్దూ ‘హై’ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒకటి, ఒక మనిషి లేదా వస్తువు ఎక్కడుందో, అసలు ఉందో లేదో చెప్పడం. రెండు, ఆ మనిషి ఎవరో, ఆ వస్తువు ఏమిటో చెప్పడం. తెలుగు మొదటి పనికి మాత్రమే ‘ఉంది, ఉన్నాడు, ఉన్నారు’ అని క్రియ వాడుతుంది. రెండో పనికి ఏ మాటా వాడదు. ఆ చోటు ఖాళీగా ఉంచుతుంది.

ఇలా ఖాళీగా ఉంచితే వినేవాడికి ఎలా అర్థమవుతుంది? మామూలు క్రియ ఏం చేస్తుందో ఆలోచిస్తే జవాబు తెలుస్తుంది. “వచ్చాను” అన్నప్పుడు ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో ఆ ఒక్క మాటే చెబుతుంది. “ఆయన మా మామయ్య”లో జరిగిన పని ఏదీ లేదు. ఎవరి గురించి చెబుతున్నామో ‘ఆయన’ చెప్పింది, ఏమని చెబుతున్నామో ‘మామయ్య’ చెప్పింది. ఇక మిగిలింది కాలం ఒక్కటే. ఏమీ అనకపోతే ఇప్పటి మాట అని వినేవాడే అనుకుంటాడు. కావాలంటే కాలాన్ని వేరే మాటతో చెప్పొచ్చు: “నిన్న గురువారం, రేపు శుక్రవారం.” ఉర్దూలో నిన్నకీ రేపటికీ ‘కల్’ అనే ఒకే మాట. “కల్ జుమేరాత్ థీ” అన్నప్పుడు అది నిన్నటి మాట అని తెలిసేది ‘థీ’ వల్లనే. తెలుగులో ఆ పని ‘నిన్న’, ‘రేపు’ ముందే చేసేశాయి.

అరబీ చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు

ఇక్కడ మన ఇళ్లలో చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. ఈ విషయంలో తెలుగు ఉర్దూ వైపు నిలబడదు, అరబీ వైపు నిలబడుతుంది.

“అల్‌హందులిల్లాహ్” అని రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. అందులో క్రియ లేదు. ‘ప్రశంస అల్లాహ్‌కే’, అంతే. తెలుగులో కూడా క్రియ లేకుండానే నిండుగా ఉంది చూడండి. ఉర్దూలో చెప్పాలంటే “తమామ్ తారీఫ్ అల్లాహ్ కే లియే హై” అని చివర ‘హై’ పెట్టక తప్పదు. “అల్లాహు అక్బర్” కూడా అంతే. తెలుగులో ‘అల్లాహ్ అందరికన్నా గొప్పవాడు’, క్రియ లేదు. ఉర్దూలో “అల్లాహ్ సబ్ సే బడా హై”. ఎదురుపడగానే చెప్పుకునే “అస్సలాము అలైకుమ్”లో కూడా ఉన్నవి ‘శాంతి’, ‘మీపై’ అనే మాటలే.

మదరసాలో నహ్వ్ చదివిన పిల్లలకు దీని పేరు కూడా తెలుసు. ఇలా నామంతో మొదలయ్యే వాక్యం జుమ్లా ఇస్మియ్యా. ఎవరి గురించి చెబుతున్నామో అది ముబ్తదా, దాని గురించి చెప్పింది ఖబర్. తెలుగు వ్యాకరణంలో వీటినే ఉద్దేశ్యం, విధేయం అంటారు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. “అల్‌బైతు కబీరున్” అంటే ఇల్లు పెద్దది. “అల్‌బైతుల్ కబీరు” అంటే పెద్ద ఇల్లు, అది ఇంకా వాక్యం కాలేదు. రెండింటిలోనూ క్రియ లేదు. మరి ఏది వాక్యమో, ఏది వట్టి పదబంధమో అరబ్బుకు ఎలా తెలుస్తుంది? ‘కబీర్’ ముందు ‘అల్’ ఉంటే అది ఇంటికి విశేషణం, ‘అల్’ లేకపోతే అది ఖబర్, అంటే వాక్యం పూర్తయినట్టు.

తెలుగు ఇదే పని తనదైన పద్ధతిలో చేస్తుంది. ‘పెద్ద ఇల్లు’ అంటే పదబంధం. ‘ఇల్లు పెద్దది’ అంటే వాక్యం. మాటల వరుస మారింది, ‘పెద్ద’కు చివర ‘ది’ చేరింది. ఆ చిన్న ‘ది’ చేరకపోతే వాక్యం నిలబడదు. ఆయెషా రాసిన “మా ఇల్లు చిన్న ఉంది”లో జరిగిన పొరపాటు ఇదే. ఉర్దూలో ‘ఛోటా ఘర్’ అన్నా, ‘ఘర్ ఛోటా హై’ అన్నా ‘ఛోటా’ మారదు, వాక్యాన్ని నిలబెట్టే పని ‘హై’ చూసుకుంటుంది. తెలుగులో ఆ పని ‘ది’ చూసుకుంటుంది. కాబట్టి “మా ఇల్లు చిన్నది” అంటే చాలు. “ఈ బండి కొత్తది”, “ఆ అబ్బాయి మంచివాడు”, “ఈ మామిడిపళ్లు తియ్యనివి” అన్నీ ఇదే బాట.

క్రియ లేకపోతే ‘నేను’, ‘నువ్వు’ గుర్తులు ఎక్కడికి పోతాయి?

“ఆయన డ్రైవర్” అంటే సరిపోయింది. మరి ఆయనే తన గురించి చెప్పుకుంటే? “నేను డ్రైవర్ని.” ఎదుటివాడితో అయితే “నువ్వు డ్రైవర్‌వి.” నలుగురు కలిసి చెబితే “మేము డ్రైవర్లం.”

ఈ ‘ని, వి, ం’ ఎక్కడివో గమనించండి. వచ్చాను, వచ్చావు, వచ్చాం అనే క్రియల చివర ఉండే గుర్తులకు ఇవి దగ్గరి చుట్టాలు. క్రియ లేదు కాబట్టి అవి వెళ్లి నామానికే అతుక్కున్నాయి. పుస్తక భాషలో “నేను రాజును, నీవు రాజవు, మేము రాజులము” అని రాస్తే ఈ పోలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ‘ఆయన’, ‘ఆమె’, ‘ఇది’ లాంటి మాటలకు మాత్రం ఏ గుర్తూ ఉండదు.

ఇలా చేసే భాష తెలుగు ఒక్కటే కాదు. టర్కీ భాషలో టీచర్‌ను ‘ఓరెత్‌మెన్’ అంటారు. ‘ఓరెత్‌మెనిమ్’ అంటే నేను టీచర్ని, ‘ఓరెత్‌మెన్‌సిన్’ అంటే నువ్వు టీచర్‌వి. ఉత్త ‘ఓరెత్‌మెన్’ అంటే ఆయన టీచర్. టీచర్ని, టీచర్‌వి, టీచర్: మన వరుసే.

మన పిల్లలు తడబడే రెండో చోటు ఇది. ఆయెషా “నేను ఇంట్లో పెద్ద ఉన్నాను” అని రాసింది. ఉర్దూలో ‘బడీ హూఁ’ కదా, ‘హూఁ’కి బదులు ‘ఉన్నాను’ పెట్టేసింది. తెలుగులో “నేను ఇంట్లో పెద్దదాన్ని” అనాలి. అబ్బాయి అయితే “పెద్దవాణ్ణి”. ‘హూఁ’ చేసే పని ఆ చివరి ‘ని’, ‘ణ్ణి’ చేస్తున్నాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. “నేను టీచర్ని”, “టీచర్ని పిలువు” రెండింటిలోనూ ‘ని’ ఒకేలా వినిపిస్తుంది. రెండోది ఉర్దూ ‘కో’ లాంటిది, టీచర్‌ కో బులావ్. పక్కన ‘నేను’ ఉండి, క్రియ లేకపోతే అది మొదటిది. ఈ తేడా ఒకసారి చూపిస్తే పిల్లలు తికమకపడరు.

కాదు, లేదు: ఇక్కడ పొరపాటు పడితే అర్థమే మారిపోతుంది

ఇంతవరకు చెప్పిన తప్పులతో మార్కులు పోతాయి, పక్కవాళ్లు నవ్వుతారు. కానీ ‘లేదు’ అనే వాక్యంలో తప్పు జరిగితే అవతలివాళ్లకు వేరే సంగతే చేరుతుంది.

బడి వదిలే వేళకు ఒక అబ్బాయిని తీసుకెళ్లడానికి వాళ్ల చిన్నాన్న వచ్చారనుకోండి. కొత్తగా వచ్చిన టీచర్ అడిగారు: “ఈయన మీ నాన్నేనా?” ఇంట్లో అయితే ఆ అబ్బాయి “యే మేరే అబ్బా నై” అంటాడు. దాన్ని తెలుగు చేసి “మా నాన్న లేరు సార్” అన్నాడు. టీచర్ ముఖం మారిపోయింది. తండ్రి లేని పిల్లవాడు పాపం అనుకుని భుజం తట్టారు. తండ్రేమో అప్పుడు ధర్మవరంలో మగ్గం ముందు హాయిగా కూర్చుని ఉన్నాడు. అబ్బాయి చెప్పాలనుకున్నది “ఈయన మా నాన్న కాదు” అని.

దక్కనీలో “అబ్బా ఘర్ మే నై” అన్నా, “యే అబ్బా నై” అన్నా ఒకటే ‘నై’. తెలుగులో మాత్రం రెండు మాటలు. ‘ఉంది’కి వ్యతిరేకం ‘లేదు’. ఖాళీగా ఉంచిన చోటుకు వ్యతిరేకం ‘కాదు’. “నాన్న ఇంట్లో ఉన్నారు” అంటే “నాన్న ఇంట్లో లేరు”. “ఆయన మా నాన్న” అంటే “ఆయన మా నాన్న కాదు”. నిజానికి తెలుగులో ఈ రెండు పనులు వేరు అనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. అవునని చెప్పేటప్పుడు ఒకచోట క్రియ ఉంది, ఒకచోట ఖాళీ ఉంది. కాదని చెప్పేటప్పుడు రెండు చోట్లా మాట ఉంది, కానీ మాటలు వేరు.

హిందూపురం పిల్లలకు ఇక్కడ ఒక ఊతం ఉంది. సరిహద్దు అవతలి కన్నడంలోనూ ఇదే విభజన. కాదు అనే చోట ‘అల్ల’, లేదు అనే చోట ‘ఇల్ల’. కన్నడం కాస్త వచ్చిన పిల్లవాడికి “కన్నడంలో అల్ల అనే చోట తెలుగులో కాదు అను” అంటే వెంటనే పట్టుకుంటాడు.

అరబీలో కూడా కాదనాలంటే వాక్యం ఊరుకోదు. “అల్‌బైతు కబీరున్” కాస్తా “లైసల్ బైతు కబీరన్” అవుతుంది. ‘లైస’ వచ్చి ముందు నిలబడింది, ఖబర్ చివర ‘ఉన్’ పోయి ‘అన్’ వచ్చింది. జరిగిపోయిన కాలం చెప్పాలంటే “కానల్ బైతు కబీరన్”, ఇల్లు పెద్దదిగా ఉండేది అని. అంటే అరబీలో క్రియ లేకుండా గడిచేది ఇప్పటి సంగతి, అవునని చెప్పేటప్పుడు మాత్రమే.

మరి ఆ క్రియ తెలుగులో అసలు లేదా?

ఉంది. దాని పేరు ‘అవు’. అవసరం పడ్డప్పుడు బయటికి వస్తుంది. “అవును” అంటాం కదా, అది ఆ క్రియే. ‘కాదు’ దాని వ్యతిరేక రూపం. “మా అబ్బా డ్రైవర్” అనే వాక్యాన్ని ఇంకో వాక్యంలో ఇమడ్చాలంటే, “మా అబ్బా డ్రైవర్ అయితే నేనూ డ్రైవర్ కావాలా?” అంటాం. అక్కడ ‘అయితే’ రాక తప్పదు, ఎందుకంటే ‘తే’ అతుక్కోవడానికి ఒక క్రియ కావాలి. “డ్రైవర్ అయినా ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు” అన్నప్పుడూ అంతే. ఉన్న స్థితి కాకుండా మార్పు చెప్పాలన్నా అదే వస్తుంది: “మా అక్క డాక్టర్ అయ్యింది”, “నేను టీచర్ అవుతాను”. చేయాల్సిన పని ఉన్నప్పుడు ‘అవు’ వస్తుంది, పని లేనిచోట కనబడదు.

ప్రపంచంలో ఎన్ని భాషలు ఇలా ఉన్నాయో లియోన్ స్టాసెన్ అనే భాషావేత్త లెక్క తీశారు. ఆయన పరిశీలించిన 386 భాషల్లో 175 భాషలు “ఆయన డ్రైవర్” లాంటి వాక్యాన్ని క్రియ లేకుండా చెప్పనిస్తాయి, 211 చెప్పనివ్వవు. రష్యన్ మొదటి గుంపులోది, ఇంగ్లీషు రెండో గుంపులోది. ఒకే కుటుంబంలోనూ తేడాలు వస్తాయి. తమిళం, కన్నడం, తెలుగు క్రియ లేకుండా గడుపుకుంటాయి, వాటి చుట్టమే అయిన మలయాళం మాత్రం సాధారణంగా చివర ‘ఆణ్’ అని పెడుతుంది. కాబట్టి ఇది ఒక భాష పూర్తి, ఇంకొకటి అసంపూర్తి అనే మాట కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు ఇంగ్లీషులో ‘ఈజ్’ మరిచిపోయి “మై ఫాదర్ డ్రైవర్” అనడం మనం వింటూనే ఉంటాం. ఆయెషా లేనిచోట పెట్టింది, వాళ్లు ఉండాల్సిన చోట వదిలేశారు. రెండూ ఒకే నాణేనికి చెందిన తప్పులు.

ఇంట్లో సరిదిద్దే పద్ధతి

పిల్లలకు సూత్రాలు చెప్పక్కర్లేదు. రాసిన వాక్యానికి ఏ ప్రశ్న సరిపోతుందో అడగండి. ‘ఎవరు? ఏమిటి? ఏది?’ అనే ప్రశ్నకు జవాబు అయితే ‘ఉంది’ రాకూడదు, కాదనాలంటే ‘కాదు’. ‘ఎక్కడ? ఎలా?’ అనే ప్రశ్నకు జవాబు అయితే ‘ఉంది’ వస్తుంది, కాదనాలంటే ‘లేదు’.

‘ఎలా’ దగ్గర ఒక్క జాగ్రత్త. “చాయ్ వేడిగా ఉంది”, “చొక్కా మురికిగా ఉంది” అన్నప్పుడు ‘గా’ తప్పనిసరి. ‘వేడి ఉంది’ అని వదిలేస్తే పరీక్షలో గీత పడుతుంది. “ఈ చొక్కా పెద్దది” అంటే దాని సైజే పెద్దది. “ఈ చొక్కా నాకు పెద్దగా ఉంది” అంటే వేసుకుంటే అలా అనిపిస్తోంది. రెండూ సరైనవే, చెప్పే సంగతి వేరు. అలాగే మాటల్లో “మీ ఇల్లు ఎక్కడ?” అని ‘ఉంది’ మింగేయడం మామూలే. అక్కడ కావాలంటే “ఎక్కడ ఉంది?” అని మళ్లీ పెట్టుకోవచ్చు. “ఆయన ఎవరు?” అనే ప్రశ్నలో అలా పెట్టే వీలు లేదు. అనుమానం వస్తే ఇదే పరీక్ష.

ఇప్పుడు ఆయెషా నోట్సు తీసుకుని ఒక్కో వాక్యాన్నీ ఈ ప్రశ్నలతో అడిగి చూడండి. పేరు ఏమిటి, ఊరు ఏది, అబ్బా ఎవరు, ఇంట్లో నువ్వు ఎవరు, ఇల్లు ఎలాంటిది, ఇల్లు ఎక్కడ, ఇల్లు ఎవరిది. ‘ఎక్కడ’ ఒక్కచోటే వచ్చింది. ‘ఎలాంటిది’ అన్నది కూడా ‘ఏది’ వైపు మాటే, జవాబు ‘చిన్నది’. కాబట్టి ‘ఉంది’ ఒక్కచోటే మిగులుతుంది, అది పాప మొదటే సరిగ్గా రాసిన వాక్యం:

“నా పేరు ఆయెషా. మా ఊరు హిందూపురం. మా అబ్బా ఆటో డ్రైవర్. నేను ఇంట్లో పెద్దదాన్ని. మా ఇల్లు చిన్నది. మా ఇల్లు మసీదు దగ్గర ఉంది. ఆ ఇల్లు మాది కాదు, అద్దె ఇల్లు.”